డెల్టా, గామా: షేరు కదిలితే ఆప్షన్ ఎంత కదులుతుందో లెక్కగట్టడం ఎలా

ఒకరు కాల్ ఆప్షన్ అమ్మారు. షేరు పెరిగితే నష్టమని తెలుసు కాబట్టి, డెల్టా ఎన్ని చెప్పిందో అన్ని షేర్లు కొని పెట్టుకున్నారు. ఇక ఎటు కదిలినా ఫర్వాలేదనుకున్నారు. షేరు 2 పెరిగింది, నష్టం వచ్చింది. పెరగకుండా 2 తగ్గినా దాదాపు అంతే నష్టం వచ్చి ఉండేది. కూడికల్లో తప్పు లేదు, డెల్టా కూడా సరిగ్గానే ఉంది. మరి రెండు వైపులా నష్టం ఎందుకు? డెల్టాతో పాటు గామా కూడా అర్థమైతేనే దీనికి జవాబు దొరుకుతుంది. ఆ నష్టం ఎంతో ముందుగానే ఎలా లెక్కగట్టాలి, ఎలా తగ్గించుకోవాలి అన్నది ఒకే ఉదాహరణతో చివరిదాకా చూద్దాం.

కాల్, పుట్, స్ట్రైక్, ప్రీమియం, ఎక్స్‌పైరీ అంటే ఏమిటో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

## ముందు ఉదాహరణను ఖాయం చేసుకుందాం

షేరు ధర 100. కాల్ స్ట్రైక్ కూడా 100. ఎక్స్‌పైరీకి 30 రోజులుంది. షేరు ధర ఎంతగా ఊగుతుందో చెప్పే వోలటాలిటీ ఏడాదికి 20 శాతం. లెక్క తేలికగా ఉండేందుకు వడ్డీ, డివిడెండ్ రెండూ సున్నా అనుకుందాం. ఏ కరెన్సీ అన్నది లెక్కకు అవసరం లేదు.

1973లో ఫిషర్ బ్లాక్, మైరాన్ షోల్స్ ప్రచురించిన సూత్రంలో ఈ అంకెలు వేస్తే మూడు ఫలితాలు వస్తాయి. ఆప్షన్ ధర 2.287, డెల్టా 0.511, గామా 0.0695. మీరే సరిచూసుకోవాలంటే ఈ చిన్న పైథాన్ కోడ్ చాలు:

```python
from math import log, sqrt, exp, pi, erf

def greeks(S, K, T, vol):
    s = vol * sqrt(T)
    d1 = log(S / K) / s + s / 2
    N = lambda x: (1 + erf(x / sqrt(2))) / 2
    price = S * N(d1) - K * N(d1 - s)
    gamma = exp(-d1 * d1 / 2) / sqrt(2 * pi) / (S * s)
    return price, N(d1), gamma

print(greeks(100, 100, 30 / 365, 0.20))
```

కోడ్ రాయడం ఇష్టం లేకపోయినా ఇబ్బంది లేదు. ఇకపై వచ్చేదంతా కూడికలు, గుణకారాలే.

## డెల్టా ఏం చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

డెల్టా 0.511 అంటే, షేరు 1 పెరిగితే ఆప్షన్ ధర సుమారు 0.511 పెరుగుతుందని. తగ్గితే అంతే తగ్గుతుంది. కాల్ డెల్టా 0కి, 1కి మధ్యే ఉంటుంది. షేరు ధర స్ట్రైక్ కంటే చాలా కింద ఉంటే ఆ కాల్ దాదాపు కదలదు కాబట్టి డెల్టా 0 దగ్గర ఉంటుంది. చాలా పైన ఉంటే కాల్ కూడా షేరులాగే కదులుతుంది, అప్పుడు డెల్టా 1కి చేరువవుతుంది. మన లెక్కలో అదే స్ట్రైక్ పుట్ డెల్టా కావాలంటే కాల్ డెల్టాలోంచి 1 తీసేయాలి. ఇక్కడ 0.511 - 1 = -0.489. షేరు పెరిగితే పుట్ ధర తగ్గుతుందని ఆ మైనస్ గుర్తు చెబుతోంది.

డెల్టాకు ఇంకో పని కూడా ఉంది, నిజానికి రోజువారీగా ఎక్కువ పనికొచ్చేది అదే. 1000 షేర్లకు సరిపడా కాల్స్ అమ్మితే ఎన్ని షేర్లు కొనాలి? 1000 × 0.511, అంటే 511. ఒకవైపు వచ్చే నష్టాన్ని ఇలా ఇంకోవైపు లాభంతో రద్దు చేసుకోవడమే హెడ్జ్, అందుకే ఈ సంఖ్యను హెడ్జ్ రేషియో అంటారు.

చాలామంది కాల్ డెల్టాను షేరు స్ట్రైక్ పైన ముగిసే అవకాశంగా చదువుతారు. ఉజ్జాయింపుకు ఫర్వాలేదు కానీ రెండూ ఒకటి కాదు. మన ఉదాహరణలో డెల్టా 0.511 ఉంటే, అదే సూత్రం ప్రకారం షేరు 100 పైన ముగిసే అవకాశం 0.489. ఎక్స్‌పైరీ ఏడాది, రెండేళ్లు దూరం ఉన్నా, వోలటాలిటీ బాగా ఎక్కువగా ఉన్నా ఈ తేడా పెద్దదవుతుంది. కాబట్టి హెడ్జ్‌కి డెల్టాను వాడండి, అవకాశాల అంచనాకు దాన్నే నమ్ముకోకండి.

ఇక డెల్టా ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. షేరు ఒక్కసారిగా 95కి పడిందనుకోండి. డెల్టా లెక్క ప్రకారం ఆప్షన్ ధర 2.287 - 5 × 0.511, అంటే -0.27 కావాలి. ఆప్షన్ ధర మైనస్‌లోకి వెళ్లడం అసాధ్యం. అసలు ధర 0.57. అంటే షేరు పడుతున్న కొద్దీ డెల్టా కూడా తగ్గుతూ వచ్చింది. మనం మాత్రం 100 దగ్గరున్న డెల్టానే దారి పొడవునా వాడాం.

## గామాతో ఆ లోటును పూడ్చడం

షేరు 1 కదిలితే డెల్టా ఎంత మారుతుందో చెప్పేది గామా. మన గామా 0.0695. షేరు 101కి వెళ్తే డెల్టా 0.511 నుంచి సుమారు 0.58కి పెరుగుతుంది, 99కి వస్తే సుమారు 0.44కి తగ్గుతుంది. ఒకే స్ట్రైక్, ఒకే ఎక్స్‌పైరీ ఉన్న కాల్‌కీ పుట్‌కీ గామా ఒక్కటే. వాటి డెల్టాల మధ్య తేడా ఎప్పుడూ 1గానే ఉంటుంది కాబట్టి, రెండు డెల్టాలూ ఒకే మోతాదులో మారాలి.

ధర మార్పును అంచనా వేసే సూత్రం ఇది. ఇందులో `dS` అంటే షేరు కదలిక:

```
ఆప్షన్ మార్పు = డెల్టా × dS + 0.5 × గామా × dS × dS
```

రెండో భాగంలో సగం ఎందుకొచ్చిందని అడుగుతారు. షేరు 100 నుంచి 102కి ఒక్కసారే ఎగరకుండా మెల్లగా వెళ్లిందనుకోండి. మొదట్లో డెల్టా 0.511, చివర్లో సుమారు 0.65. దారిలో సగటు డెల్టా ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. డెల్టాలో వచ్చిన మొత్తం మార్పులో సగమే ఆ సగటులోకి చేరుతుంది కాబట్టి సూత్రంలో 0.5 కనిపిస్తుంది.

ఇప్పుడు ఐదు ధరల దగ్గర సరిపోల్చి చూద్దాం. ప్రతి వరుసలోనూ షేరు 100 నుంచి ఆ ధరకు ఒక్కసారిగా కదిలిందని, రోజులు గడవలేదని అనుకున్నాను.

| షేరు ధర | ఆప్షన్ అసలు ధర | డెల్టాతో మాత్రమే | డెల్టా, గామా రెండింటితో |
|---|---|---|---|
| 95 | 0.57 | -0.27 | 0.60 |
| 98 | 1.40 | 1.26 | 1.40 |
| 102 | 3.45 | 3.31 | 3.45 |
| 105 | 5.64 | 4.84 | 5.71 |
| 110 | 10.12 | 7.40 | 10.88 |

షేరు 2 కదిలితే గామా కలిపిన అంచనా అచ్చు గుద్దినట్టు ఉంది. 5 కదిలితే తేడా 0.07 లోపే. 10 కదిలేసరికి మాత్రం గామా ఎక్కువ చెప్పేసింది. కారణం తెలియాలంటే డెల్టాను చూడండి: 0.511 + 10 × 0.0695 = 1.206. కాల్ డెల్టా 1 దాటదు. షేరు స్ట్రైక్‌కు దూరమైన కొద్దీ గామా కూడా కరిగిపోతుంది, ఆ సంగతి మన సూత్రంలో లేదు. కాబట్టి గామాతో లెక్కవేసినప్పుడు కొత్త డెల్టా 1 దాటినా, 0 కంటే దిగినా ఆ అంచనాను పక్కన పెట్టి, కొత్త షేరు ధరతో ఆప్షన్ విలువను మొదటి నుంచి కట్టుకోవాలి.

## రెండు వైపులా నష్టం ఎలా వచ్చిందంటే

1000 కాల్స్ అమ్మి 511 షేర్లు కొన్న మనిషి దగ్గరికి వద్దాం. షేరు 102కి వెళ్తే అమ్మిన కాల్స్ ఒక్కొక్కటి 1.159 పెరిగాయి, కాబట్టి అక్కడ 1159 నష్టం. షేర్ల మీద 511 × 2 = 1022 లాభం. నికరంగా 137 పోయింది. షేరు 98కి పడితే కాల్స్ మీద 884 లాభం, షేర్ల మీద 1022 నష్టం, నికరంగా 138 పోయింది.

డెల్టా భాగం రెండు సందర్భాల్లోనూ రద్దయిపోయింది, హెడ్జ్ తన పని తాను చేసింది. మిగిలింది గామా భాగం. 0.5 × 0.0695 × 4 × 1000 అంటే 139. కదలికను వర్గం చేశాం కాబట్టి పెరిగినా తగ్గినా అది ప్లస్సే. ఆప్షన్ కొన్నవారికి ఆ మొత్తం లాభం, అమ్మినవారికి నష్టం. అందుకే ఆప్షన్ కొన్నవారిని లాంగ్ గామా అని, అమ్మినవారిని షార్ట్ గామా అని అంటారు. కాలా, పుట్టా అన్నదానితో దీనికి సంబంధం లేదు.

షార్ట్ గామా నిజంగా నొప్పెట్టేది ఆ తర్వాత. షేరు 102 దగ్గర కాల్ డెల్టా 0.646కి పెరిగింది, చేతిలో షేర్లు మాత్రం 511. హెడ్జ్ సరిచేయాలంటే ఇంకో 135 షేర్లు కొనాలి, అదీ పెరిగిన ధరకు. షేరు తిరిగి 100కి వచ్చిందనుకోండి, అవే 135 షేర్లను 100కి అమ్మేయాలి. 135 × 2 = 270 గాల్లో కలిసిపోయింది. షేరు మొదలైన చోటికే వచ్చింది, ఆప్షన్ ధర కూడా మొదటిదే, డబ్బు మాత్రం పోయింది. షార్ట్ గామా ఉన్నవారు ఎప్పుడూ పెరిగాక కొనాలి, పడ్డాక అమ్మాలి. లాంగ్ గామా ఉన్నవారికి ఇదంతా తలకిందులు, వారు హెడ్జ్ సరిచేసుకునే ప్రతిసారీ పైన అమ్మి కింద కొంటారు.

అలాగైతే ఆప్షన్ అమ్మడం ఎందుకు? కాలం అమ్మినవారి వైపు ఉంటుంది కాబట్టి. ఒక్క రోజు గడిస్తే ఆప్షన్ ఎంత విలువ కోల్పోతుందో దాన్ని థీటా అంటారు. మన కాల్‌కి అది రోజుకు 0.038, అంటే 1000 కాల్స్‌కు 38. గామా వల్ల పోయేది, థీటా వల్ల వచ్చేది ఎక్కడ సమానమవుతాయో కనుక్కోవచ్చు:

```
0.5 × 0.0695 × dS × dS = 0.038
dS ≈ 1.05
```

రోజుకు షేరు 1.05 కంటే తక్కువ కదిలితే అమ్మినవారికి లాభం, ఎక్కువ కదిలితే కొన్నవారికి లాభం. ఈ 1.05 ఎక్కడిదో కాదు, 20 శాతం వార్షిక వోలటాలిటీని 365 వర్గమూలంతో భాగిస్తే వచ్చే రోజువారీ కదలికే. నా ఉద్దేశంలో ఈ విషయంలో గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇదొక్కటే. హెడ్జ్ చేసిన ఆప్షన్ అమ్మడమంటే, షేరు రోజుకు ఇంతకంటే తక్కువ కదులుతుందని పందెం కాయడం. ఎటు కదులుతుందన్నది ఆ పందెంలో లేదు.

కదలిక రెట్టింపైతే గామా నష్టం నాలుగింతలవుతుందనీ గమనించండి. 1.05 కదిలిన రోజు గామా వల్ల పోయేది 38, 2.1 కదిలిన రోజు సుమారు 153. అలాంటి ఒక్క రోజు నాలుగు ప్రశాంతమైన రోజుల థీటాను తినేస్తుంది.

## గామాను తగ్గించుకునే క్రమం

షేర్లు కొన్నా అమ్మినా గామా మారదు. షేరు డెల్టా ఎప్పుడూ 1, అది మారదు కాబట్టి దాని గామా సున్నా. ఫ్యూచర్స్‌దీ అంతే. గామాను తగ్గించాలంటే ఇంకో ఆప్షన్ కొనాల్సిందే. అందుకే ముందు ఆప్షన్లతో గామా సరిచేయాలి, ఆ తర్వాత షేర్లతో డెల్టా సరిచేయాలి. క్రమం తిరగేస్తే, కొత్తగా కొన్న ఆప్షన్ తన డెల్టాను తెచ్చి అంతకుముందు చేసిన హెడ్జ్‌ను పాడుచేస్తుంది, షేర్ల పని రెండుసార్లు చేయాలి.

మన దగ్గరున్న గామా మైనస్ 69.5, అంటే షేరు 1 కదిలితే మొత్తం డెల్టా 69.5 షేర్ల మేర మారుతుంది. దీన్ని సగానికి తేవాలనుకుందాం. అదే ఎక్స్‌పైరీ, 105 స్ట్రైక్ కాల్ చూస్తే దాని ధర 0.645, డెల్టా 0.205, గామా 0.0496. 34.8ని 0.0496తో భాగిస్తే సుమారు 700. కాబట్టి 700 కాల్స్ కొంటాం, ఖర్చు 451. వాటితో 144 డెల్టా వచ్చింది, అందువల్ల షేర్లు 511 అక్కర్లేదు, 367 చాలు.

ఇప్పుడు షేరు 102కి వెళ్తే నికర నష్టం 137కి బదులు 62. షేరు 98కి పడితే 138కి బదులు 75. సరిగ్గా సగం రాలేదు, రెండు వైపులా సమానంగానూ లేదు. 105 కాల్ గామా షేరు పైకి వెళ్తున్న కొద్దీ పెరుగుతుంది, కిందకు వస్తే తగ్గుతుంది. అందుకే రక్షణ పైవైపు కొంచెం ఎక్కువ, కిందివైపు కొంచెం తక్కువ. ఇది ఉచితంగా కూడా రాదు. గామా సగమైతే రోజూ చేతికొచ్చే థీటా కూడా దాదాపు సగమైపోతుంది.

## ఎక్స్‌పైరీ దగ్గర పడినప్పుడు

ఇంతవరకు 30 రోజుల ఆప్షన్ చూశాం. అన్నీ అలాగే ఉంచి ఎక్స్‌పైరీకి ఒక్క రోజే మిగిలిందనుకుందాం. 100 స్ట్రైక్ దగ్గర గామా 0.0695 నుంచి 0.38కి ఎగబాకుతుంది. షేరు 99 అయితే డెల్టా 0.17, 101 అయితే 0.83. షేరు ధరలో కేవలం 2 తేడాకే 1000 కాల్స్‌కు పెట్టుకోవాల్సిన షేర్లు 170 నుంచి 830కి మారతాయి. షేరు మధ్యాహ్నమంతా 100 చుట్టూ తిరుగుతుంటే హెడ్జ్ చేసేవారికి ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

అదే రోజున 105 స్ట్రైక్ కాల్ గామా దాదాపు సున్నా. ఎక్స్‌పైరీ దగ్గరయ్యే కొద్దీ గామా అంతా స్ట్రైక్ చుట్టూ ఇరుకైన చోట పోగవుతుంది. దీంతో పైన చేసిన రక్షణ చిక్కులో పడుతుంది. 30 రోజుల ముందు సగం గామాను మోసిన ఆ 700 కాల్స్, షేరు 100 దగ్గరే ఉండిపోతే చివరి రోజున ఏమీ మోయవు. గామా హెడ్జ్ ఒకసారి చేసి వదిలేసేది కాదు, రోజులు గడిచే కొద్దీ అదీ అరిగిపోతుంది. చివరి వారంలో రోజూ గామాను మళ్లీ లెక్కించి చూడాలి, లేదా స్ట్రైక్ దగ్గరున్న అమ్మిన ఆప్షన్లను ముందే తిరిగి కొనేసి బయటపడాలి. నేనైతే రెండోదే సూచిస్తాను.

## లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా పట్టుకోవాలి

స్క్రీన్ మీద కనిపించే గామా ఏ కొలతలో ఉందో ముందు చూసుకోండి. కొన్ని చోట్ల షేరు 1 కదిలితే ఎంత అని చూపిస్తారు, మరికొన్ని చోట్ల 1 శాతం కదిలితే ఎంత అని. ధర 100 ఉన్నప్పుడు రెండూ ఒకటే, అందుకే పొరపాటు బయటపడదు. అన్నీ ఇలాగే ఉండి ధర, స్ట్రైక్ రెండూ 5000 అయితే ఒక పాయింట్‌కు గామా 0.0014 మాత్రమే. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది. కానీ 1 శాతం అంటే 50 పాయింట్లు, ఆ కదలికకు డెల్టా మార్పు మళ్లీ 0.07. పాయింట్ గామాను ధరతో గుణించి 100తో భాగిస్తే శాతం గామా వస్తుంది. వేర్వేరు ధరలున్న షేర్ల ఆప్షన్లను పోల్చాలంటే దాన్నే వాడాలి.

చూపించిన అంకె మీద నమ్మకం లేకపోతే మీరే కొలవవచ్చు. కాలిక్యులేటర్‌లో షేరు ధర 98, 100, 102 పెట్టి మూడు ఆప్షన్ ధరలు తీసుకోండి: 1.403, 2.287, 3.446. చివరి దానిలోంచి మొదటిది తీసేసి 4తో భాగిస్తే డెల్టా, 0.511. మొదటిదీ చివరిదీ కలిపి, మధ్యదాన్ని రెండుసార్లు తీసేసి, మళ్లీ 4తో భాగిస్తే గామా, 0.069. అడుగు మరీ చిన్నది పెట్టకండి. 0.1 చొప్పున కదిపితే పైన మిగిలే తేడా 0.0007, రెండో మూడో దశాంశాలకు కుదించిన ధరల్లో అది మాయమై గామా సున్నాగానో అర్థంలేని పెద్ద అంకెగానో కనిపిస్తుంది.

వోలటాలిటీ కదలకుండా ఉంటుందన్నది ఈ లెక్కలన్నిటి వెనకున్న ఊహ. మార్కెట్ ఇండెక్స్‌లలో ధర పడినప్పుడు వోలటాలిటీ సాధారణంగా పెరుగుతుంది. అప్పుడు కాల్ ధర డెల్టా చెప్పినంత పడదు, పుట్ ధర చెప్పినదాని కంటే ఎక్కువ పెరుగుతుంది. రోజు చివర్లో మీ లాభనష్టాన్ని డెల్టా భాగం, గామా భాగం, థీటా భాగం అని విడదీసి కూడండి. కూడిక అసలు అంకెతో కలవకుండా, తేడా ఎప్పుడూ ఒకే వైపు మిగిలిపోతుంటే ఆ మిగులు చాలావరకు వోలటాలిటీ మార్పుదే.

ఇంకో ఊహ, మధ్యలో ఎక్కడైనా ఆగి హెడ్జ్ సరిచేసుకోవచ్చని. ధర ఒక్కసారిగా దూకితే ఆగే చోటు ఉండదు. 1987 అక్టోబర్ 19న అమెరికాలో డౌ జోన్స్ సూచీ ఒక్క రోజులో 22.6 శాతం పడింది. అప్పట్లో చాలా పెద్ద ఫండ్లు పోర్ట్‌ఫోలియో ఇన్సూరెన్స్ అనే పద్ధతి పాటించేవి. పుట్ కొనకుండానే పుట్ ఉన్నట్టు ఫలితం రావడానికి, మార్కెట్ పడే కొద్దీ ఫ్యూచర్స్ అమ్ముతూ పోయేవి. షార్ట్ గామా ఉన్నవారు చేసే పని కూడా సరిగ్గా అదే. ఆ రోజు అమ్మాల్సినవారంతా ఒకేసారి అమ్మబోతే, లెక్కలో రాసుకున్న ధరలకు కొనేవారు దొరకలేదు. అందుకే రోజువారీ కదలికకు గామా సూత్రం వాడుకోండి. పెద్ద దూకుడు వస్తే ఎంత పోతుందో తెలియాలంటే మాత్రం షేరు ధర 20 శాతం కింద, 20 శాతం పైన పెట్టి, మొత్తం పొజిషన్ విలువను పూర్తి సూత్రంతో కట్టి చూడండి. మన 1000 కాల్స్ మీద షేరు ఒక్కసారిగా 120కి ఎగిరితే కాల్ ధర దాదాపు 20కి చేరుతుంది, 511 షేర్ల మీద వచ్చే లాభం పోనూ సుమారు 7500 నష్టం మిగులుతుంది. కాల్స్ అమ్మినప్పుడు వచ్చిన ప్రీమియం మొత్తం 2287.